ఒకే రంగు, పక్క రంగు, ఎదురు రంగు: ఫొటోలో ఏది ఎందుకు నిలబడుతుంది

ప్రశ్న: మ్యాగజైన్ ఎడిటోరియల్ ఫొటోల్లో మోడల్ తల నుంచి కాలి దాకా ఒకే రంగులో ఉన్నా గొప్పగా కనిపిస్తుంది. నేను అలాగే మొత్తం బీజ్ వేసుకుంటే యూనిఫాంలా ఉంది. మా చెల్లి ఎరుపు మీద ఆకుపచ్చ కాంట్రాస్ట్ వేస్తే ఫొటోలో కళ్లు లాగేస్తున్నాయి. ఇద్దరం కలర్ వీల్ చూసే ఎంచుకున్నాం. తేడా ఎక్కడొస్తోంది?

కలర్ వీల్ మీకు రంగు గురించి మూడు సంగతుల్లో ఒక్కటే చెబుతుందండీ. ఎరుపా, పసుపా, నీలమా అన్నది మాత్రమే. ఆ రంగు ఎంత లేత, ఎంత ముదురు అన్నది రెండోది. ఎంత నిండుగా ఉంది, ఎంత వెలిసినట్టుంది అన్నది మూడోది. ఫొటోలో డ్రెస్ నిలబడటం, పడిపోవడం ఎక్కువగా ఈ రెండో, మూడో సంగతుల్లోనే తేలిపోతుంది. మీ బీజ్‌లో లేత ముదురు తేడా లేదు. మీ చెల్లి డ్రెస్‌లో రెండు రంగులూ ఒకే ముదురులో, ఒకే నిండుదనంతో ఉన్నాయి. ఫొటో చూడకుండానే ఇది చెప్పగలను, ఎందుకంటే ఈ రెండు తప్పులూ నేను చేసినవే, సరిదిద్దుకున్నవే. పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో మ్యాగజైన్లకూ లుక్‌బుక్‌లకూ స్టైలింగ్ చేస్తున్నాను.

నేను పనిలో పట్టుకునే సూత్రం ఇది: ఒకటి కదలకపోతే ఇంకోటి కదలాలి, ఒకటి బాగా కదిలితే మిగతావి తగ్గాలి. టోనల్‌లో, అంటే మొత్తం ఒకే రంగు డ్రెస్‌లో, రంగు కదలదు కాబట్టి లేత ముదురు, బట్ట నేత కదలాలి. కాంట్రాస్ట్‌లో రంగు ఒక కొస నుంచి ఇంకో కొసకు దూకుతుంది కాబట్టి నిండుదనమో, విస్తీర్ణమో, లేత ముదురో ఏదో ఒకటి లొంగి ఉండాలి. అనలాగస్‌లో, అంటే వీల్ మీద పక్కపక్క రంగుల డ్రెస్‌లో, రంగు కొంచెమే జరుగుతుంది, లేత ముదురు దాని వెంట నడవాలి.

ముందు టోనల్ సంగతి

అమెరికాలో ఆల్బర్ట్ మన్సెల్ అనే చిత్రకళ ఉపాధ్యాయుడు 1905లో రంగులను కొలిచే పద్ధతి ఒకటి తెచ్చాడు. అందులో లేత ముదురుకు 0 నుంచి 10 దాకా మెట్లు. 0 అంటే నలుపు, 10 అంటే తెలుపు. ఆ మెట్లు గుర్తున్నాయంటే సగం పని అయినట్టే. మీ బీజ్ కుర్తా, బీజ్ ప్యాంటు, బీజ్ చున్నీ మూడూ బహుశా ఏడో మెట్టు దగ్గరే ఉంటాయి. సెట్‌గా అమ్మేవాళ్లు ఒకే రంగులో ముంచిన బట్టలనే కలిపి పెడతారు కదా. కంటికి ఆగేచోటు లేదు. కుర్తా ఎక్కడ అయిందో, ప్యాంటు ఎక్కడ మొదలైందో ఫొటోలో గీత కనపడదు. యూనిఫాం అనిపించేది అందుకే. ఎడిటోరియల్‌లో అదే బీజ్‌ను ఎనిమిదిన్నర, ఏడు, అయిదు అని మూడు మెట్లుగా విడగొడతారు. చూసేవాళ్లు మాత్రం "మొత్తం బీజ్" అనే అనుకుంటారు.

దీనికి తోడు నేత. ఒకే రంగు దారంతో సాటిన్, కాటన్, వెల్వెట్ మూడూ నేయించి పక్కపక్కన పెట్టండి. వెల్వెట్ అన్నిటికంటే ముదురుగా కనపడుతుంది, దాని నూగులో వెలుతురు ఇరుక్కుపోతుంది కాబట్టి. సాటిన్‌లో మడత పైభాగం దాదాపు తెల్లగా మెరిసి, లోపలి భాగం ముదురుగా దిగుతుంది. కాటన్ రెండింటి మధ్య నిశ్చలంగా ఉంటుంది. రంగు మార్చకుండానే మూడు మెట్లు వచ్చాయి. కానీ ఇది పక్క నుంచి పడే వెలుతురులోనే. ఫోన్ ఫ్లాష్ ఎదురుగా కొడితే నూగు నీడలు, మడతల నీడలు అన్నీ చచ్చిపోతాయి, మూడు బట్టలూ మళ్లీ ఒకటైపోతాయి. కిటికీని ఎదురుగా కాదు, మీ భుజం పక్కన పెట్టుకుని నిలబడి చూడండి, అదే డ్రెస్ వేరేగా ఉంటుంది.

నా కేసు ఒకటి చెబుతాను, ఎందుకంటే టోనల్‌లో ఇంకో గొయ్యి ఉంది, అది ముందే తెలియాలి. ఒక షూట్‌కు క్రీమ్ థీమ్ అనుకున్నాం. టస్సర్ జాకెట్, లోపల తెల్ల కాటన్ షర్ట్, క్రీమ్ లినెన్ ప్యాంటు. ట్రయల్ రూమ్‌లో బల్బు కింద మూడూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. స్టూడియోలో ఫ్లాష్ వెలిగిన మొదటి ఫ్రేమ్‌లోనే షర్ట్ నీలంగా వెలిగింది. దాని పక్కన ఆ ఖరీదైన టస్సర్ మురికి పట్టినట్టు పసుపుగా కనపడింది. జాకెట్ ఉతకలేదేమో అని ఫొటోగ్రాఫర్ నన్నే అడిగారు.

తప్పు జాకెట్‌ది కాదు. మిల్లు తెలుపు బట్టకు, మనం వాడే సర్ఫుకు కూడా, తెల్లదనం పెంచే రసాయనం ఒకటి కలుపుతారు. అది కంటికి కనపడని అతినీల కిరణాలను పట్టుకుని నీలి వెలుతురుగా బయటకు వదులుతుంది. మామూలు బల్బులో ఆ కిరణాలు దాదాపు ఉండవు. ఎండలో ఉంటాయి, చాలా స్టూడియో ఫ్లాష్‌లలోనూ ఉంటాయి. అందుకే షర్ట్ అక్కడ మాత్రమే బయటపడింది. పక్కన నీలం పడేసరికి టస్సర్ సహజమైన తేనె రంగు ఇంకా పసుపుగా తేలింది.

ఆ రోజు చేసిన పని ఇది. లీటరున్నర వేడినీళ్లలో నాలుగు చెంచాల టీ పొడి మరిగించి, వడగట్టి, షర్ట్‌ను ముందు మామూలు నీళ్లలో తడిపి, అందులో ముంచి అయిదు నిమిషాలు కదుపుతూ ఉంచాం. పొడి బట్టను నేరుగా ముంచితే మరకలు పడతాయి, తడిపి ముంచాలి. పిండి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, ఇస్త్రీ చేస్తే షర్ట్ మీగడ రంగుకు దిగింది. తడిగా ఉన్నప్పుడు కనపడిన దానికంటే ఆరాక ఒక మెట్టు లేతగా వస్తుంది, అది లెక్కేసుకోవాలి. ప్యాంటు కూడా జాకెట్ మెట్టులోనే ఉందని అప్పుడు గమనించి, దాన్ని తీసేసి పాలెక్కువ కాఫీ రంగు ప్యాంటు వేశాం. అంటే షర్ట్ తొమ్మిది దగ్గర, జాకెట్ ఎనిమిది, ప్యాంటు ఆరు. ఆ ఫొటో అచ్చయింది.

ఇప్పుడు నా కిట్‌లో నోట్లు చూసే చిన్న యూవీ టార్చ్ ఎప్పుడూ ఉంటుంది. చీకట్లో బట్ట మీద వేస్తే, ఏ తెలుపు నీలంగా వెలుగుతుందో అక్కడికక్కడ తెలుస్తుంది. టోనల్ క్రీమ్‌కు కోరా బట్టే నమ్మకమైనది.

ఇంకో మాట. రెండు బీజ్‌లను సరిగ్గా ఒకే షేడ్‌కు మ్యాచ్ చేయాలని ప్రయత్నించకండి. రెండు మిల్లులు ఒకే రంగును వేర్వేరు అద్దకాలు కలిపి తెస్తాయి. ట్యూబ్‌లైట్ కింద ఒకటిగా ఉన్నవి ఎండలో ఒకటి గులాబీకి, ఒకటి ఆకుపచ్చకు వాలతాయి. మ్యాచింగ్ సెంటర్‌లో బ్లౌజ్ ముక్క పట్టుకుని మన అమ్మలు గుమ్మం బయటికి వచ్చి చూసేది ఇందుకే, అది పూర్తిగా సరైన పద్ధతి. కాస్తలో తప్పిన మ్యాచింగ్ పొరపాటులా కనపడుతుంది. రెండు మెట్ల తేడా కావాలని చేసినట్టు కనపడుతుంది.

అనలాగస్: పువ్వును చూసి నేర్చుకోండి

వీల్ మీద పక్కపక్కనే ఉన్న రెండు మూడు రంగులు. పసుపు, కనకాంబరం, ఇటుక ఎరుపు అనుకోండి. ఇది అన్నిటికంటే సులువు అంటారు, కానీ ఇందులో ఒక క్రమం ఉంది, అది తప్పితే డ్రెస్ ఎందుకో నలిగినట్టు కనపడుతుంది.

బంతిపువ్వును దగ్గరగా పట్టుకుని చూడండి. వెలుతురు తగిలే రెక్క అంచు పసుపు. లోపలికి పోయేకొద్దీ నారింజ, అడుగున దాదాపు ఎరుపు. వెలుతురు రెక్క నుంచి రెక్కకు తగిలి వచ్చేసరికి ఎరుపుకు జరుగుతూ, ముదురుతూ పోతుంది. అంటే పసుపు వైపు ఉన్నది లేత, ఎరుపు వైపు ఉన్నది ముదురు. ఆకు కూడా అంతే. ఎండ పడ్డ చోట పసుపు కలిసిన పచ్చ, నీడలో నీలం కలిసిన పచ్చ. మన కన్ను పుట్టినప్పటి నుంచి ఈ క్రమానికి అలవాటు పడింది. పసుపు అత్యంత నిండుగా ఉండేది ఎనిమిదో మెట్టు దగ్గర, ఎరుపు నాలుగైదు దగ్గర, వంకాయ రంగు, నీలం ఇంకా కింద. రంగులకే పుట్టుకతో ఎత్తుపల్లాలున్నాయి.

కాబట్టి పసుపు చున్నీ లేతగా, కనకాంబరం కుర్తా మధ్యలో, ఇటుక రంగు బాటమ్ ముదురుగా వేస్తే ఏ పొరపాటూ జరగదు. తిరగేసి లేత గులాబీ మీద ముదురు పసుపు వేశారనుకోండి, పసుపు ముదిరితే ఆలివ్ అయిపోతుంది, గులాబీ పక్కన బురదలా కనపడుతుంది. కొన్ని ఎడిటోరియల్స్‌లో ఈ తిరగేతనే కావాలని చేస్తారు, చూసేవాళ్లకు కాస్త ఇబ్బంది కలిగించడానికి. అక్కడ అది బాగుంటుంది, పెళ్లి ఫొటోలో బాగుండదు.

మనకు అనలాగస్ ఒకే బట్టలో దొరుకుతుంది కూడా. నెమలికంఠం పట్టులో పడుగు నీలం, పేక ఆకుపచ్చ. మడత తిరిగేకొద్దీ ఒక దారం ముందుకొచ్చి ఇంకోటి దాక్కుంటుంది. అలాంటి చీరకు బ్లౌజ్ వెతికేటప్పుడు ఆ రెండింట్లో ముదురుగా ఉన్న దారం రంగును పట్టుకోండి, ఏ వెలుతురులో తీసినా తప్పదు.

కాంట్రాస్ట్‌లో కళ్లు ఎందుకు లాగుతాయి

పారిస్‌లో గోబెలాఁ అని తెరలు నేసే కార్ఖానా ఉంది, అప్పట్లో అది రాజుగారిది. 1824లో మిషెల్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అక్కడి అద్దకాల విభాగానికి అధికారిగా వచ్చాడు. నీలం, ఊదా పక్కన వాడిన నల్ల దారం నల్లగా లేదు, వెలిసినట్టుందని ఫిర్యాదు. ఆయన ఇతర చోట్ల అద్దిన నల్ల దారాలతో పోల్చి చూశాడు. అద్దకంలో లోపమేమీ లేదు. పక్క రంగు వల్లే నలుపు అలా కనపడుతోంది. 1839లో దీని మీద పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. సారం ఒక్కటే: పక్కపక్కన పెట్టిన రెండు రంగుల్లో ప్రతిదీ ఇంకోదాన్ని తనకు వ్యతిరేక దిశలోకి నెడుతుంది.

ఎరుపు పక్కన ఆకుపచ్చ పెడితే ఎరుపు ఇంకా ఎరుపు, ఆకుపచ్చ ఇంకా ఆకుపచ్చ. రెండూ ఒకే మెట్టులో, రెండూ నిండుగా ఉంటే, అంచు ఎక్కడుందో కన్ను తేల్చుకోలేదు. మెదడు అంచులను ప్రధానంగా లేత ముదురు తేడాతోనే పట్టుకుంటుంది. ఆ తేడా లేదు, రంగు తేడా మాత్రం అరుస్తోంది. అందుకే అంచు వణుకుతున్నట్టు ఉంటుంది. మీ చెల్లి ఫొటోలో కళ్లు లాగేది అక్కడే.

ఫోన్ ఫొటోలో ఇది ఇంకా ముదురుతుంది. మామూలు జేపెగ్ ఫైల్ చాలాసార్లు వెలుగు నీడలను పూర్తి వివరంతో దాచుకుని, రంగు సమాచారాన్ని అడ్డంగా సగానికి, నిలువుగా సగానికి తగ్గించి దాస్తుంది. వెలుగు తేడా ఉన్న అంచు గీసినట్టు వస్తుంది. రంగు తేడా మాత్రమే ఉన్న అంచు కాస్త అలుక్కుపోతుంది. ఎర్ర బట్ట మీద సన్నని పచ్చ పూసలు వాట్సాప్‌లో మసకగా రావడానికి ఇదొక కారణం.

దీనికి మందు మన నేతగాళ్ల దగ్గర ఎప్పటి నుంచో ఉంది. కుప్పడం నేతలో అంచుకు వేరే నాడె, ఒంటికి వేరే నాడె, రెండు పేకలనూ కలిసే గీత దగ్గర మెలేస్తారు. అందువల్ల ఒంటి రంగు పేక అంచులోకి చొరబడదు. అంచు తన రంగులో నిండుగా నిలుస్తుంది. మామూలు నేతలో ఒంటి పేకే అంచు పడుగులోకీ పోతుంది. ఎరుపు పడుగులోకి పచ్చ పేక వెళితే దూరం నుంచి గోధుమ రంగులా చస్తుంది. కంచి, గద్వాల చీరల కాంట్రాస్ట్ అంచు అంత తేటగా ఉండేది అందుకే. ఇంకో సంగతి కూడా గమనించండి. ఒళ్లూ అంచూ కలిసేచోట చాలా చీరల్లో జరీ గీత ఉంటుంది. అది అలంకారమే కాదు, రెండు నిండు రంగులను ముట్టుకోకుండా విడదీసే గోడ. బెల్టు, తెల్ల పైపింగు, నల్ల దారం ఏదైనా ఇదే పని చేస్తుంది.

విస్తీర్ణం గురించి పాత లెక్క ఒకటి ఉంది. జర్మన్ కవి గోథే పేరు మీద చెప్పే అంకెలు: పసుపు 9, నారింజ 8, ఎరుపు 6, ఆకుపచ్చ 6, నీలం 4, ఊదా 3. ఎంత వెలుగుతుందో ఆ అంకె. కాబట్టి విస్తీర్ణం తిరగేసి ఇవ్వాలి. ఊదా చీరకు పసుపు బ్లౌజ్ అంటే మూడు వంతుల ఊదాకు ఒక వంతు పసుపు, చీర, బ్లౌజ్ కొలతలు సహజంగానే దానికి దగ్గరగా వస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ మాత్రం సమానం అని లెక్క చెబుతుంది. కానీ అది బొమ్మలకు. ఒంటి మీద సగం సగం వేస్తే ఇద్దరు మనుషులను నడుము దగ్గర అతికించినట్టుంటుంది. నేను రెండో రంగుకు మొదటిదానిలో నాలుగో వంతు కంటే ఎక్కువ చోటు ఇవ్వను. రంగులు నిండుగా లేకపోతే ఈ అంకెలు పనిచేయవు, వెలిసిన పసుపు ఎంతయినా వేసుకోవచ్చు.

ఫొటోలో మీరు వేసుకోని రెండు రంగులు

ఒకటి చర్మం, రెండు వెనకాల గోడ. మన చర్మం లేతదైనా ముదురుదైనా, రంగు పరంగా నారింజ కుటుంబమే, నిండుదనం తక్కువ. బీజ్ కూడా అదే కుటుంబం. మీ బీజ్ మెట్టు, మీ చెయ్యి మెట్టు ఒకటే అయితే ఫొటోలో చెయ్యి ఎక్కడ ఆగిందో, స్లీవ్ ఎక్కడ మొదలైందో తెలియదు. స్లీవ్ మీద చెయ్యి పెట్టి చూసి, కనీసం రెండు మెట్లు లేతగానో ముదురుగానో ఉన్న బీజ్ తీసుకోండి. ఎడిటోరియల్స్‌లో నెమలి నీలం గోడలు అంత ఎక్కువగా కనపడేది కూడా చర్మానికి అది ఎదురు రంగు కాబట్టే. అక్కడ టోనల్ బట్టలు వేసినా కాంట్రాస్ట్ ఫొటో అవుతుంది.

మెడ దగ్గరి బట్ట గడ్డం కింద రంగు కొడుతుంది, ఇది చాలామంది చూడరు. చిలకపచ్చ బ్లౌజ్ ఎండలో వేస్తే దవడ కింద నీడ ఆకుపచ్చగా, జబ్బు మనిషిలా వస్తుంది. ఎడిటింగ్‌లో తీయడం కష్టం. నిండు పచ్చను మెడకు దూరంగా, నడుము కింద పెట్టడమే తేలిక.

నిండు ఎరుపు పట్టుతో ఇంకో చిక్కు. ఫోన్‌లో మొత్తం వెలుతురు సరిగ్గానే కనపడుతుంది, కానీ ఎరుపు ఒక్కటీ కొలత దాటిపోయి మడతలన్నీ ఒకే ఎర్ర ముద్దగా వస్తాయి. అలా ముద్దయితే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి మళ్లీ తీయండి. మడతలు తిరిగి కనపడితే కారణం అదే. కనపడకపోతే మీ వెలుతురు ఎదురుగా పడుతోందని అర్థం.

ఇక మీ ఇద్దరి డ్రెస్సులకు. మీ సెట్‌లో కుర్తా ఉంచి, ప్యాంటు మార్చండి, పాలెక్కువ కాఫీ రంగో, ఇంకా ముదురు బాదం పొట్టు రంగో. చున్నీ మెరిసే బట్ట అయితే మంచిది. మీ చెల్లి ఎరుపు కదపనక్కర్లేదు, ఆకుపచ్చను సీసా పచ్చకు దించమనండి, మధ్యలో సన్నని జరీ గీత వేయించమనండి. బయటికి వెళ్లేముందు ఇద్దరూ కిటికీ పక్కన నిలబడి ఒక ఫొటో తీసి, ఫోన్‌లో దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. ఫిల్టర్లు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా లెక్కేస్తాయి కాబట్టి మెట్లను మరీ కచ్చితంగా కొలవకండి. కుర్తా, ప్యాంటు, చెయ్యి మూడు వేర్వేరు బూడిద రంగులుగా విడిపోయాయా, ఎరుపూ పచ్చా ఒకే బూడిదగా కలిసిపోయాయా అన్నది మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. ఆ ఫొటో ఇక్కడ పెడితే షేడ్ పేర్లతో సహా చెబుతాను.